ఎగువకు నడిచే జలపాతాలు

1999 సెప్టెంబర్ 21 అర్ధరాత్రి దాటాక, ఒంటి గంట 47 నిమిషాలకు తైవాన్ మధ్యభాగంలో భూమి కంపించింది. చిచి భూకంపం అని పేరుపడిన ఆ విపత్తులో దాదాపు 2,400 మంది చనిపోయారు. తెల్లారి దాజియా నది ఒడ్డుకు వెళ్లినవాళ్లకు పీఫెంగ్ వంతెన కూలిపోయి కనిపించింది. దాని పక్కనే నదికి అడ్డంగా ఒక జలపాతం దూకుతోంది. ముందురోజు సాయంత్రం వరకు అక్కడ నీళ్లు మామూలుగా పారాయి. భూమి లోపల చెలుంగ్‌పు అనే పగులు వెంట రాతి పొరలు జారి, నదికి ఎగువ పక్కనున్న నేల ఒక్కసారిగా ఎత్తుకు లేచింది. అదే నది మీదున్న షిగాంగ్ ఆనకట్టకు ఒక చివర రెండో చివరకంటే ఏడు మీటర్లకు పైగా లేచి, గేట్లు ముక్కలయ్యాయి.

జలపాతం పుట్టిన తేదీ, గంట, నిమిషం తెలిసిన సందర్భాలు ప్రపంచంలో బహు అరుదు. మనం చూసే జలపాతాలు చాలావరకు మనిషి పుట్టకముందువో, మనిషి రాతలు మొదలుపెట్టకముందువో. అందుకే భూమి పైకి లేచినప్పుడు నది ఏం చేస్తుందన్నది భూగర్భ శాస్త్రవేత్తలు ఎక్కువగా ఊహతోనూ లెక్కలతోనూ తేల్చుకోవాల్సి వచ్చేది. తైవాన్‌లో ఆ రాత్రి వాళ్లకు అరుదైన అవకాశం దొరికింది. దాజియాకు ఉత్తరంగా పారే దాఆన్ నదిలో జలపాతం, గండి, నదీ వేదిక మూడూ ఒకదాని వెంట ఒకటి, ఒక పిల్లవాడు పుట్టి హైస్కూలుకు వెళ్లేలోపల తయారయ్యాయి. వాటిని కొలతలతో సహా నమోదు చేశారు.

భూకంపానికి ముందు దాఆన్ నది ఆ చోట వందల మీటర్ల వెడల్పున, కంకర పరుచుకుని, పాయలు పాయలుగా పారేది. అడుగున ఉన్న అసలు రాయి ఎక్కడా పైకి కనిపించేది కాదు. భూకంపంలో నదికి అడ్డంగా సుమారు కిలోమీటరు మేర నేల మూపురంలా ఉబ్బింది. ఉబ్బిన చోట ఎత్తు గరిష్ఠంగా 10 మీటర్లు. ఆ మూపురానికి ఎగువ అంచు నదికి అడ్డుగోడ అయింది, అక్కడ నీళ్లు నిలిచి మడుగు కట్టాయి. దిగువ అంచు నిట్టనిలువు మెట్టు అయింది. ఎగువ మడుగు నిండాక నీళ్లు మూపురం మీదుగా పారి, దిగువ అంచున కిందికి దూకాయి.

ఇలాంటి మెట్టును భూగర్భ శాస్త్రంలో నిక్‌పాయింట్ అంటారు. నది పొడవునా ఎత్తులను కొలిచి గీత గీస్తే, పుట్టిన చోట నిటారుగా మొదలై సముద్రం దగ్గర చదునయ్యే నున్నటి వంపు రావాలి. ఆ వంపు మధ్యలో హఠాత్తుగా గీత విరిగి కిందికి దిగితే, ఆ విరుపే నిక్‌పాయింట్. దాని ఎత్తు రెండు మీటర్లున్నా అదే, వంద మీటర్లున్నా అదే. అన్నీ జలపాతాలు కానక్కర్లేదు, కొన్ని కిలోమీటర్ల పొడవున నురగలు కక్కుతూ పారే రాపిడి ప్రవాహాలుగా కూడా ఉంటాయి.

మెట్టు ఉన్నచోటనే ఎందుకు ఉండదు? నీటి బలం వాలును బట్టి ఉంటుంది. మూపురం మీద చదునుగా పారినంతసేపు దాఆన్‌కు రాయిని కోసే శక్తి తక్కువ. అంచు దగ్గరికి వచ్చేసరికి వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. అంచు రాయి దెబ్బతింటుంది, కింద పడిన నీరు గుంట తొలుస్తుంది, గుంట పెద్దదై పైనున్న రాతికి ఆధారం పోతుంది, పైరాయి విరిగి పడుతుంది. అప్పుడు మెట్టు కొన్ని అడుగులు వెనక్కి, అంటే ఎగువకు జరిగినట్టు. మళ్లీ అదే తంతు మొదలు. నీళ్లు కిందికి పారుతుంటే జలపాతం పైకి నడుస్తుంది. మెట్టు దాటి వెళ్లిన ప్రతి చోటా దాని వెనక, అంటే దిగువన, లోతైన ఇరుకు దారి మిగులుతుంది. అదే గండి. గండి పొడవు మెట్టు ఎంత దూరం నడిచిందో చెబుతుంది. లోతు చూస్తే నేల ఎంత లేచిందో తెలుస్తుంది. దాఆన్‌లో మాత్రం లేచిన ఎత్తుకంటే కోత ఎక్కువ జరిగింది, చాలాచోట్ల 20 మీటర్ల దాకా దిగింది. అడుగున రాయి మెత్తది కావడంతో నది అవసరానికి మించి కోసేసింది.

చెప్పుకోవాల్సిన విశేషం ఇక్కడే ఉంది. భూకంపం జరగగానే నది రాయిని కోయడం మొదలుపెట్టలేదు. మొదటి కొన్నేళ్లు మూపురం మీద పెద్ద మార్పేమీ రాలేదు. వానాకాలం తుఫానులు వచ్చాయి, వరదలు పారాయి, గండి మాత్రం పడలేదు. తర్వాత కోత అందుకుని, ఒక దశాబ్దం గడిచేసరికి కిలోమీటరు పైచిలుకు పొడవున గండి తెరుచుకుంది. ఆ ఆలస్యానికి కారణం కంకర. మూపురం మీద పాత నదీగర్భం కంకర ఇంకా పరుచుకుని ఉంది. దాని కింద రాయి భద్రంగా ఉంది. వరదలు కంకరను ఊడ్చి, రాయి బయటపడేదాకా కోతకు ఆస్కారం లేకపోయింది.

రాయిని కోసేది నీళ్లని మనం అనుకుంటాం. ఉత్త నీటికి గట్టి రాయిని అరగదీసే బలం చాలా తక్కువ. వరదలో అడుగున దొర్లుతూ, ఎగిరెగిరి పడుతూ వచ్చే గులకరాళ్లూ బండలూ ఆ పని చేస్తాయి. అయితే అవి మితిమీరితే పని ఆగిపోతుంది. రుబ్బురోలులో నాలుగు గింజలే ఉంటే రాయీ రాయీ ఒరుసుకుంటాయి, నిండా పోస్తే పొత్రం రోలుకు తగలనే తగలదు. నదీగర్భంలోనూ అంతే: రాళ్లు లేకపోతే కోయడానికి పనిముట్లు ఉండవు, మరీ ఎక్కువైతే అవే అడుగు రాయికి దుప్పటి కప్పుతాయి. అమెరికన్ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1877లోనే ఈ మాట అన్నాడు. లెనార్డ్ స్క్లార్, విలియం డీట్రిచ్ 2001లో దీన్ని ప్రయోగశాలలో రుజువు చేశారు. రాతిబిళ్ల మీద నీళ్లు తిప్పుతూ కొద్దికొద్దిగా కంకర వేస్తూ పోతే, ఒక హద్దు వరకు కోత పెరిగింది, ఆ తర్వాత తగ్గింది.

దాఆన్ గండిని ఏళ్ల తరబడి కొలిచిన క్రిస్టెన్ కుక్, యెన్స్ టురోవ్‌స్కీ, నీల్స్ హోవియస్ 2013లో ప్రచురించిన పరిశీలనలో ఇదే ఆరుబయట కనిపించింది. రాళ్లు దొర్లి రానిచోట మెట్టు దాదాపు కదలలేదు. రాళ్లు చేరాక వేగంగా వెనక్కి నడిచింది. కాబట్టి ఒక జలపాతం ఏడాదికి ఎంత జరుగుతుందో చెప్పడానికి నీటి లెక్క ఒక్కటే సరిపోదు. ఎగువన కొండచరియలు ఎన్ని విరిగిపడుతున్నాయి, ఎంత కంకర దిగుతోంది, ఆనకట్టల్లో ఎంత ఆగిపోతోంది అన్నవి కూడా తెలియాలి.

ఇక నదీ వేదిక. గండి దిగాక పాత నదీగర్భం ఏమవుతుంది? నీళ్లు కిందికి పోయాయి, పాత అడుగు మాత్రం పైన ఎండలో మిగిలిపోయింది. దాఆన్ గండి అంచున నిలబడితే కాళ్ల కింద నున్నటి గుండ్రటి రాళ్ల పొర ఉంటుంది, నది ఒకప్పుడు దొర్లించి తెచ్చి పరిచినవి. దాని కింద కత్తితో కోసినట్టు ఇసుకరాయి, బురద గట్టిపడి అయిన మెత్తటి రాయి పొరలు పొరలుగా ఏటవాలుగా దిగుతుంటాయి. ఆ పొరలకు పదుల మీటర్ల కింద నది పారుతుంటుంది. పైన చదునుగా మిగిలిన ఆ అరుగే నదీ వేదిక. ఇంత సన్నటి కంకర పొర కింద నేరుగా కోసిన రాయి ఉంటే అది నది ఒకప్పుడు రాయిని కోస్తూ పారిన మట్టాన్ని అచ్చంగా చూపిస్తుంది. ఇప్పటి నీటి మట్టం నుంచి దానికి ఉన్న ఎత్తే నది దిగిన లోతు.

తైవాన్‌లో తేదీ తెలుసు. మిగతా చోట్ల తేదీ ఎలా? సింధు నది నంగా పర్వతాన్ని చుట్టి వచ్చే చోట దీన్ని చక్కగా చూడవచ్చు. శిఖరం 8,126 మీటర్లు, దాని పక్కనే నది సుమారు ఏడు వేల మీటర్ల దిగువన పారుతుంది. ఆ కనుమ గోడల మీద, నీటికి పదుల మీటర్ల నుంచి వందల మీటర్ల ఎత్తు దాకా, నది చెక్కి నునుపుచేసిన రాతి అరుగులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. డగ్లస్ బర్బాంక్ బృందం 1996లో వాటి వయసు కట్టింది.

లెక్క ఇలా ఉంటుంది. అంతరిక్షం నుంచి ఎప్పుడూ కురిసే కిరణాలు రాతిలోని స్ఫటికపు గింజలను తాకి, వాటిలో బెరిలియం-10 అనే పరమాణువులను పుట్టిస్తాయి. గ్రాము స్ఫటికంలో ఏడాదికి పుట్టేవి వేళ్లమీద లెక్కపెట్టేంత, ఎత్తైన ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. కిరణాలు రాతిలోకి మీటరు లోతుకు వెళ్లేసరికి చాలావరకు చచ్చిపోతాయి. కాబట్టి రాయి నది అడుగున అరుగుతున్నంతసేపు పైపొర కొట్టుకుపోతూ లోపలి కొత్త రాయి బయటికి వస్తుంటుంది, పరమాణువులు పోగుపడే వీలుండదు. నది కిందికి దిగి అరుగును వదిలేసిన రోజు నుంచి గడియారం మొదలవుతుంది. శాస్త్రవేత్తలు ఉలితో ఆ పైపొర చెక్కి తెచ్చి, ఆమ్లాలతో స్ఫటికాన్ని వేరుచేసి, త్వరణ యంత్రంలో ఆ పరమాణువులను లెక్కిస్తారు. లెక్కను ఏడాది పుట్టుకతో భాగిస్తే అరుగు ఎండకెక్కి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది.

ఉదాహరణకు నీటికి 60 మీటర్ల ఎత్తున ఉన్న అరుగు వయసు 10,000 ఏళ్లని తేలిందనుకుందాం. నది ఏడాదికి సగటున 6 మిల్లీమీటర్లు దిగినట్టు. సింధు లోయలో బర్బాంక్ బృందానికి వచ్చిన వేగం చోటును బట్టి ఏడాదికి 2 నుంచి 12 మిల్లీమీటర్లు. నది అంతగా కోస్తున్నా కనుమ పూర్తిగా చదును కాకపోవడానికి కారణం కొండలు అదే వేగంతో లేస్తుండటం. నది కోత, నేల లేవడం ఒకదానికొకటి సమానంగా ఉన్నచోటనే కోత వేగాన్ని లేచే వేగంగా చదవగలం. ఆ సమతూకం ఉందో లేదో ముందు చూసుకోవాలి.

ఈ లెక్క ఎంత సులువుగా తప్పుదోవ పట్టిస్తుందో దాఆన్ చెబుతుంది. పదేళ్లలో 20 మీటర్లు అంటే ఏడాదికి రెండు మీటర్లు. ఆ వేగంతో పదివేల ఏళ్లు పోతే 20 కిలోమీటర్ల లోతు గండి రావాలి, అది అర్థంలేని మాట. ఒక భూకంపం తర్వాత నది హడావిడిగా పనిచేసి, ఆ తర్వాత చాలాకాలం ఊరుకుంటుంది. హడావిడి చేసిన పదేళ్లను మాత్రమే కొలిచి సగటు తీస్తే ప్రమాదం. ఏ నది కోత వేగం చదివినా, అది ఎన్నేళ్ల సగటో అడగకుండా నమ్మకూడదని నా అభిప్రాయం. పత్రికల్లో వచ్చే వార్తల్లో ఆ సంఖ్య కనిపించేది తక్కువ.

అరుగు మీద రాయి నునుపు చెదరకుండా ఉందా అన్నదీ చూడాలి. ఎండకు, వానకు పైపొర పెచ్చులూడిపోతే పోగైన పరమాణువులూ దానితో పోతాయి, అరుగు ఉన్న వయసుకంటే చిన్నదిగా కనిపిస్తుంది. కొంతకాలం ఇసుక కప్పినా అంతే. అందుకే నీటి సుడులు చెక్కిన గాళ్లు ఇంకా స్పష్టంగా కనిపించే చోటునే నమూనాకు ఎంచుకుంటారు.

అన్ని వేదికలూ నేల లేచిన సంగతి చెప్పవు. ఇది చాలామంది పప్పులో కాలేసే చోటు. ఎగువన పెద్ద కొండచరియ నదికి అడ్డంపడితే దాని వెనక లోయ కంకరతో నిండుతుంది. కొన్నాళ్లకు అడ్డు తెగి, నది ఆ కంకరనే కోస్తూ దిగుతుంది. ఒడ్డున చదునైన అరుగు మిగులుతుంది. దూరం నుంచి చూస్తే అచ్చం నదీ వేదిక. కానీ నేల ఒక్క అంగుళమైనా లేవలేదు. వానలు పెరిగినా, తగ్గినా, మంచు కరిగి కంకర ఎక్కువ వచ్చినా ఇలాంటివి ఏర్పడతాయి. తేడా కనుక్కోవాలంటే అరుగు పక్కకోతను చూడాలి. పైన ఒకటి రెండు మీటర్ల కంకర, కింద రాయి అయితే నది రాయిని కోసింది. పైనుంచి కింద దాకా కంకరే అయితే నది తను నింపుకున్నదాన్నే తవ్వుకుంది.

జలపాతాల్లోనూ ఇలాంటి మోసమే ఉంటుంది. నయాగరా పేరెత్తకుండా ఈ విషయం మాట్లాడటం కష్టం. అది సుమారు 12,000 ఏళ్లలో దాదాపు 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది, సగటున ఏడాదికి మీటరుకు కాస్త తక్కువ. పైన గట్టి డోలమైట్ రాయి, కింద మెత్తటి షేల్ రాయి. మెత్తటిది తొలిచిపోయి, గట్టిది విరిగిపడటం ఆ నడకలో కనిపిస్తుంది. ఆ మెట్టు కదిలేది నిజమే, దాని వెనక గండి మిగిలిందీ నిజమే. కానీ నయాగరా నేల లేవడం వల్ల పుట్టలేదు. మంచుయుగం చివర మంచు పలక వెనక్కి తగ్గి, పెద్ద సరస్సుల నీళ్లు అప్పటికే ఉన్న ఎత్తైన గట్టు మీదుగా దూకే దారి దొరికింది. ఇప్పుడు దాని నడక మందగించింది, విద్యుత్ కోసం నీళ్లలో పెద్ద భాగాన్ని పక్కకు తిప్పుతున్నారు కాబట్టి.

మరి భూమి లేచిందని చెప్పే జలపాతాన్ని, గట్టిరాయి దగ్గర ఆగిపోయిన జలపాతాన్ని వేరుచేయడం ఎలా? ఒక్క జలపాతాన్ని ఎంతసేపు చూసినా తేలదు, చుట్టుపక్కల నదులను కూడా చూడాలి. నేల ఒక ప్రాంతమంతటా లేస్తే, అందులో పారే ప్రతి నదీ ఆ దెబ్బను తింటుంది. ప్రతిదాంట్లో ఒక మెట్టు పుట్టి ఎగువకు నడుస్తుంది. పెద్ద నదికి నీళ్లెక్కువ, రాళ్లెక్కువ, మెట్టు వడివడిగా నడుస్తుంది. చిన్న ఉపనది మెట్టు నెమ్మదిగా కదులుతుంది. ప్రధాన నది తన అడుగును గబగబా దించుకుంటే, ఉపనది పాత ఎత్తునే ఆగిపోయి ప్రధాన లోయలోకి దూకుతుంది. నదుల పరీవాహక విస్తీర్ణం లెక్కలోకి తీసుకుని చూస్తే అన్ని మెట్లూ ఒకే నాటివని సరిపడితే అది నేల లేచిన గుర్తు. అలాకాక మెట్లన్నీ ఒకే గట్టి రాతిపొర దగ్గరే ఉంటే అది రాయి పని.

మన దేశంలో దీనికి పాఠ్యపుస్తకాలు ఎప్పుడూ చెప్పేది రాంచీ పీఠభూమి. సువర్ణరేఖ నది హుండ్రు దగ్గర 98 మీటర్లు దూకుతుంది. దానికి దగ్గర్లోనే రారు నది జోన్హా వద్ద సుమారు 43 మీటర్లు, కాంచీ నది దశమ్ వద్ద సుమారు 44 మీటర్లు దిగుతాయి. మూడు నదులూ ఒకే పీఠభూమి అంచున మెట్టు దిగుతున్నాయి. ఆ పీఠభూమి లేవడంతో నదులకు కొత్త దూకుడు వచ్చిందన్నది చాలాకాలంగా ఉన్న వివరణ. చూడాల్సింది ఎత్తు ఒక్కటే కాదు. జలపాతానికి పైన నేల మెల్లగా ఒరిగిన వెడల్పాటి లోయలతో ప్రశాంతంగా ఉంటుంది. కింద ఇరుకు లోయ, నిటారు గోడలు. పైన పాత భూమి, కింద కొత్త భూమి, మెట్టు వాటి మధ్య సరిహద్దు. నేల లేచిన కబురు మెట్టు చేరినంత మేరకే నదికి అందింది, దానికి ఎగువన ఉన్న భూమికి ఇంకా తెలియదు.

బళ్లో నదికి యవ్వనం, ప్రౌఢత్వం, వృద్ధాప్యం అనే దశలు చెప్పేవారు, ఇలాంటి చోట్లను ‘పునర్యవ్వనం’ అనేవారు. 19వ శతాబ్దం చివర విలియం మోరిస్ డేవిస్ ఇచ్చిన పథకం అది. పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టింది కానీ, అది నదిని ఒక్క ముద్దగా చూస్తుంది. హుండ్రు దగ్గర ఒకే నది రెండు వయసుల్లో కనిపిస్తుంది, ఆ రెండింటి మధ్య గీత రోజురోజుకూ ఎగువకు జరుగుతోంది.

దాఆన్ కథ అక్కడితో అయిపోలేదు. గండి ఎగువ కొసన కుక్, టురోవ్‌స్కీ, హోవియస్ ఇంకో సంగతి గమనించి 2014లో ప్రచురించారు. ఎగువన నది వందల మీటర్ల వెడల్పున పారి వచ్చి, ఒక్కసారిగా మలుపు తిరిగి పదుల మీటర్ల ఇరుకు గండిలోకి దూరాలి. వరద వేళ బండలతో నిండిన నీళ్లు ఆ మలుపులో తిన్నగా గండి మొదటి గోడను వచ్చి కొడతాయి. గోడ కూలుతుంది. గండి ముఖద్వారం దిగువకు జరుగుతుంది. జరిగినంత మేర గండి ఉన్న చోట మళ్లీ వెడల్పాటి చదునైన నదీగర్భం ఏర్పడుతుంది, గండి పక్కన మిగిలిన అరుగు కూడా పోతుంది. మెట్టు ఎగువకు నడుస్తూ గండిని చేసింది, ఇప్పుడు ఈ వెడల్పు దిగువకు నడుస్తూ దాన్ని తుడిచేస్తోంది. వాళ్లు కొలిచిన వేగం ఏడాదికి సుమారు 17 మీటర్లు. కిలోమీటరు పొడవు గండిని 17తో భాగిస్తే అరవై ఏళ్ల దరిదాపుల్లో వస్తుంది, వాళ్ల అంచనా 50 నుంచి 100 ఏళ్లు. అంతలోపల గండి కనుమరుగవుతుంది.

ఇది భూగర్భ శాస్త్రవేత్తలకు కాస్త ఇబ్బంది కలిగించే ఫలితం. గండి లేదు కాబట్టి అక్కడ నేల లేవలేదని ఇక అనలేం. పదిమీటర్లు లేచిన నేల గుర్తు కూడా, రాయి మెత్తదై, ఎగువ నుంచి కంకర దండిగా వచ్చే చోట, ఒక మనిషి ఆయుష్షులో చెరిగిపోగలదు. గట్టి రాయి ఉన్న చోటనే పాత రికార్డు నిలుస్తుంది. మన కళ్లకు కనిపించే గండ్లు, వేదికలు ఏరి మిగిలినవి, చెరిగిపోయినవి ఎన్నో ఉండి ఉంటాయి.

తెలుగు నేల మీద చూడదలుచుకున్నవాళ్లకు గండికోట దగ్గర పెన్నా ఎర్రమల కొండలను కోసిన చోటు ఉంది, గట్టి రాతి పొరలు దాదాపు అడ్డంగా పేర్చినట్టు ఉంటాయి కాబట్టి కోత స్పష్టంగా కనిపిస్తుంది. మాచర్ల దగ్గర ఎత్తిపోతల ఉంది. అక్కడ చంద్రవంక వాగు డెబ్భై అడుగులు దూకి, మూడు కిలోమీటర్లు పోయి కృష్ణలో కలుస్తుంది. ఉపనది దూకుతున్న చోటు, ప్రధాన నది లోతైన లోయ దగ్గరదగ్గరగా ఉన్న ఇలాంటి చోట రెండు పనులు చేయండి. జలపాతం అంచున ఉన్న రాయి, దాని కింద గోడలో ఉన్న రాయి ఒకటేనా, వేర్వేరా చూడండి. వేర్వేరైతే, ముందు రాయిని అనుమానించాలి. రెండోది, నీటికి బాగా ఎత్తున, వరద ఎన్నడూ రాని చోట నున్నగా గుండ్రంగా అరిగిన రాళ్లు ఉన్నాయేమో వెతకండి. మనుషులు మోసుకొచ్చి పోసినవి కాకపోతే, అవి ఉన్న చోట ఒకప్పుడు నది పారింది.